నంబరు ఉంది, బిల్లు ఏది?

సేల్స్ రిజిస్టరు తెరిచిన ఆడిటరు మొత్తాలకంటే ముందు బిల్లు నంబర్ల వరుస చూస్తాడు. 1216 తర్వాత 1218 కనబడితే అక్కడ పెన్ను ఆగుతుంది. సరుకు వెళ్ళింది, డబ్బు చేతికొచ్చింది, బిల్లు చింపేశారేమో అన్నది అతని అనుమానం. "అది క్యాన్సిల్ చేశామండీ" అంటే ఆ అనుమానం తీరదు. ఆ నంబరు మీద సరుకు గడప దాటలేదని చూపిస్తేనే తీరుతుంది.

బిల్లు పాడు కాకూడదని జీఎస్టీ చట్టం ఎక్కడా అనలేదు. 46వ నియమం ప్రకారం నంబర్లు వరుసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండోసారి రాకూడదు. పాడైనవాటి లెక్క జీఎస్టీఆర్-1లోని 13వ పట్టికలో చెప్పాలి. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా వాడారు, మొత్తం ఎన్ని, రద్దయినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని అందులో గడులుంటాయి. చాలా దుకాణాల్లో నెలాఖరున హడావిడిగా నింపేది ఈ పట్టికనే. ఆడిటరు మొదట పట్టుకునేదీ దీన్నే.

అచ్చు బిల్లు పుస్తకాలు వాడే ఒక పీవీసీ పైపుల దుకాణం ఉందనుకుందాం. ఒక నెలలో 1201 నుంచి 1300 దాకా వాడారు. రిజిస్టరులో 96 బిల్లులే ఉన్నాయి. 1217, 1238, 1264, 1281 లేవు. గుమాస్తా 13వ పట్టికలో మొత్తం 100, రద్దు 4, మిగిలినవి 96 అని రాశాడు. అంకెలు సరిపోయాయి. కానీ ఆ నాలుగూ ఒకే రకం కావు.

1217లో కొనుగోలుదారు జీఎస్టీ నంబరు తప్పు పడింది. సరుకు అమ్మకానికి బిల్లు మూడు ప్రతులు ఉండాలి: కొన్నవారికొకటి, రవాణాదారుకొకటి, అమ్మినవారికొకటి. ఆ మూడూ పుస్తకంలోనే పిన్ను కొట్టి ఉన్నాయి. అడ్డంగా గీతలు, "రద్దు - జీఎస్టీ నం. తప్పు - బదులు 1218" అన్న రాత, కింద తేదీ, సంతకం. ఆడిటరు 1218 తీసి చూశాడు. అదే కొనుగోలుదారు, అదే సరుకు, అదే రోజు. స్టాకు పుస్తకంలో ఆ పైపులు ఒక్కసారే తగ్గాయి. 1238లో కార్బన్ తిరగబడి కింది ప్రతులు ఖాళీగా పడ్డాయి. అక్కడా మూడూ ఉన్నాయి. ఈ రెండింటి దగ్గర ఇంకో ప్రశ్న రాలేదు.

1264తోనే చిక్కు. సరుకు లారీలో సైటుకు వెళ్ళింది, మేస్త్రీ వద్దన్నాడు, మర్నాడు వెనక్కి వచ్చింది. గుమాస్తా బిల్లు రద్దు చేశాడు. సరుకు కదిలాక రద్దు పనికిరాదు. బిల్లును అలాగే ఉంచి, దాని మీద క్రెడిట్ నోటు ఇవ్వాలి. అలా చేసి ఉంటే వరుసలో ఖాళీయే వచ్చేది కాదు. తిరిగొచ్చిన లారీ నంబరు గేటు పుస్తకంలో ఉంది, స్టాకులో పైపులు మళ్ళీ జమయ్యాయి కాబట్టి పన్ను ఎగ్గొట్టారన్న మాట రాలేదు. పద్ధతి తప్పని మాత్రం ఆడిటరు రాసుకున్నాడు.

1281కి ఒక్క ప్రతీ దొరకలేదు. ఇలాంటప్పుడు ఒక కొత్త కాగితం మీద "రద్దు" అని రాసి పుస్తకంలో పెట్టేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అప్పటిదాకా అది పొరపాటు, ఆ తర్వాత దొంగ పత్రం. వెతకడానికి దారులున్నాయి. 1280, 1282 ఒకే రోజువి కాబట్టి ఇదీ ఆ రోజుదే. ఆ రోజు నగదు పుస్తకం చూస్తే ఏ బిల్లుకూ చెందని 11,800 రూపాయలు జమ ఉంది. గోడౌనులో లెక్కపెడితే సరిగ్గా అంత విలువ పైపులు తక్కువ. అంటే అది రద్దు కాదు, రిజిస్టరుకెక్కని అమ్మకం. సరుకు 10,000, దాని మీద 18 శాతం పన్ను 1,800. దాన్ని తర్వాతి రిటర్నులో చూపించి, పన్నుతోపాటు ఏడాదికి 18 శాతం చొప్పున ఆలస్యమైన రోజులకు వడ్డీ కట్టాలి. ఆడిటరు కనిపెట్టకముందే మీరే చెబితే ఆ సంభాషణ తీరే వేరు.

కంప్యూటరు బిల్లులైనా సూత్రం ఇదే. ట్యాలీలో Alt+X నొక్కితే వోచరు రద్దవుతుంది, నంబరు మాత్రం అలాగే ఉంటుంది. Alt+D తొలగిస్తుంది, ఇక చూపించడానికి వోచరే మిగలదు. రద్దుకు మొదటిదే వాడాలి. ఈ-ఇన్వాయిస్ అయితే 24 గంటల్లోపే పోర్టల్లో రద్దు చేయగలం, ఆ నంబరు మళ్ళీ వాడలేం. గడువు దాటితే క్రెడిట్ నోటే దారి.

రద్దయిన ప్రతులు పాత కాగితాల్లో కలిసిపోకుండా చూసుకోవాలి. మిగతా లెక్కల్లాగే వాటినీ వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలపాటు దాచాలి.