సమ్మతితో సాగే పాలన

పాలకవర్గం తన దృష్టినే లోకమంతటికీ సహజమైన ఇంగితంగా చెలామణీ చేయించగలగడాన్ని మార్క్సిస్టులు సాంస్కృతిక ఆధిపత్యం అంటారు. ఈ భావనకు రూపమిచ్చినవాడు ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు ఆంటోనియో గ్రాంసీ. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. 1929 నుంచి 1935 దాకా ఆయన ఖైదులోనే నోటుపుస్తకాలు నింపాడు. రష్యాలో 1917లో గెలిచిన విప్లవం పశ్చిమ ఐరోపాలో ఎందుకు ఓడిందన్నది ఆయనను వేధించిన ప్రశ్న.

అరెస్టుకు కాస్త ముందు దక్షిణ ఇటలీ గురించి రాసిన వ్యాసంలోనే జవాబుకు పునాది పడింది. దక్షిణాది బీదరికానికి అక్కడివారి పుట్టు సోమరితనమే కారణమని ఉత్తరాది కార్మికులు కూడా నమ్మేవారు. ఆ మాటను ప్రచారం చేసినవారిలో సోషలిస్టు మేధావులూ ఉన్నారు! దక్షిణాదిలో భూస్వామికీ రైతుకూ నడుమ పూజారి, వకీలు, గుమస్తా నిలిచేవారు. రైతు లోకాన్ని వారి కళ్లతోనే చూసేవాడు. అందుకే అతని కోపం భూస్వామిదాకా చేరేది కాదు.

ఈ నమ్మకాలు చెదిరిన సందర్భమూ ఒకటుంది. 1919లో టూరిన్ కార్మికులను అదుపు చేయడానికి సార్డీనియా రైతుబిడ్డలతో నిండిన సస్సారి బ్రిగేడును దింపారు. సమ్మె చేసేవాళ్లంతా బాగా బతికే దొరలని ఆ సైనికుల అభిప్రాయం. టూరిన్‌లోని సార్డీనియా కార్మికులు వారితో సొంత యాసలో మాటలు కలిపారు. జులై సార్వత్రిక సమ్మెకు ముందే బ్రిగేడును రాత్రికి రాత్రి వెనక్కి తరలించారు. గ్రాంసీ కూడా సార్డీనియావాడే.

అయితే సమ్మతి ఉన్నంత మాత్రాన బలప్రయోగం మాయమైపోదు. సమ్మతి సన్నగిల్లినచోట పోలీసు, జైలు ముందుకొస్తాయి. గ్రాంసీ జైలు జీవితమే అందుకు రుజువు.