బండలో పద్నాలుగు, గాలిలో నలభై మూడు

ఖాళీ గ్యాసు బండను డెలివరీ కుర్రాడు ఒంటిచేత్తో ఎత్తుకుపోతాడు. నిండు బండను మాత్రం భుజానికెత్తుకుని, మెట్ల దగ్గర ఒకసారి ఆగి మరీ తెస్తాడు. రెండిటికీ తేడా 14.2 కిలోలు. ఆ అంకె బండ మీదే రాసి ఉంటుంది. మా ఇంట్లో బండ సుమారు నలభై రోజులు వస్తుంది. ఈ నలభై రోజుల్లో 14.2 కిలోల సరుకు ఎక్కడికి పోయిందని పదో తరగతి చదివే మా మేనకోడలు అడిగింది. కాలిపోయిందన్నాను.

"కాలితే ఏదో ఒకటి మిగలాలి కదా మావయ్యా? చిటికెడు బూడిద కూడా లేదు" అంది.

నిజమే, మిగిలింది. పైగా పోసినదానికి మూడింతలు మిగిలింది. కాకపోతే కంటికి కనపడదు. దాన్ని తూకం వేయాలంటే కాటా అక్కర్లేదు, కాగితం చాలు.

వంటగ్యాసులో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. రెండూ హైడ్రోకార్బన్లే, అంటే కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ లేనివి. లెక్క తేలికగా ఉండటానికి బండ నిండా బ్యూటేనే ఉందనుకుందాం. దాని ఫార్ములా C₄H₁₀. ఒక్కో అణువులో నాలుగు కార్బన్ పరమాణువులు, పది హైడ్రోజన్ పరమాణువులు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి బాగా మండితే కార్బన్ డై ఆక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. మా అమ్మమ్మ కాలం పుస్తకాల్లో ఈ వాయువు పేరు బొగ్గుపులుసు గాలి. నాకైతే ఆ పేరే ఇష్టం, ఇందులో బొగ్గు ఉందని పేరే చెప్పేస్తుంది.

C₄H₁₀ + O₂ → CO₂ + H₂O

ఇది ఇంకా సమీకరణం కాదు, ఎవరెవరు వచ్చారో, ఎవరెవరు వెళ్లారో చెప్పే జాబితా మాత్రమే. మంట పరమాణువులను పుట్టించలేదు, మాయం చేయలేదు, జతలు మాత్రం మారుస్తుంది. కాబట్టి బాణానికి ఎడమ పక్క ఎన్ని ఉన్నాయో కుడి పక్కా అన్నే ఉండాలి. ముందు కార్బన్ చూడండి. ఎడమన నాలుగు, కుడిన ఒకటి. అందుకని CO₂ ముందు 4 వేస్తాం. తర్వాత హైడ్రోజన్. ఎడమన పది ఉంది, నీటి అణువుకు రెండే పడుతుంది, కనుక H₂O ముందు 5. ఆక్సిజన్‌ను చివరికి ఉంచడంలో ఓ కిటుకుంది. ఎడమ పక్క అది ఒంటరిగా ఉంది, దాని ముందు ఏ అంకె వేసినా మిగతావాటి లెక్క చెదరదు. ఇప్పుడు కుడి పక్క ఆక్సిజన్ పరమాణువులు ఎనిమిదీ అయిదూ కలిపి పదమూడు. ఆక్సిజనేమో జంటలుగా వస్తుంది, పదమూడుకు ఆరున్నర జంటలు కావాలి. అర అణువు అంటూ ఉండదు గనక మొత్తాన్ని రెట్టింపు చేస్తాం:

2C₄H₁₀ + 13O₂ → 8CO₂ + 10H₂O

ఇక్కడ పిల్లలు చేసే పాడుపని ఒకటుంది. లెక్క కుదరకపోతే ముందు అంకెను వదిలేసి కింది చిన్న అంకెను దిద్దుతారు. CO₂ని CO అని రాస్తే పదార్థమే మారిపోతుంది. మొదటిది మనం వదిలే ఊపిరి, రెండోది విషం.

సమీకరణం అణువుల లెక్క చెబుతుంది, మనకు కావలసింది గ్రాములు. మధ్యలో వంతెన మోలు. ఇనప సామాన్ల కొట్టువాడు మేకులను లెక్కపెట్టడు, తూచి ఇస్తాడు. ఒక మేకు బరువు తెలిస్తే తూకం నుంచి సంఖ్య రాబట్టవచ్చు. మోలు కూడా అంతే, డజను లాంటి ఒక పెద్ద లెక్క. కార్బన్ 12, హైడ్రోజన్ 1, ఆక్సిజన్ 16 అనుకుంటే, ఒక మోలు బ్యూటేన్ 58 గ్రాములు, ఒక మోలు కార్బన్ డై ఆక్సైడ్ 44 గ్రాములు తూగుతాయి.

మా ఇంటి లెక్క ఇది. 14.2 కిలోలు నలభై రోజులకంటే రోజుకు 355 గ్రాములు. దాన్ని 58తో భాగిస్తే 6.12 మోళ్ల బ్యూటేన్. సమీకరణం ప్రకారం రెండుకు ఎనిమిది, అంటే ఒకటికి నాలుగు. కాబట్టి 24.48 మోళ్ల కార్బన్ డై ఆక్సైడ్. దాన్ని 44తో గుణిస్తే సుమారు 1,077 గ్రాములు. మూడుపూటల వంటకు కిలో పైచిలుకు. బండ మొత్తానికి 43 కిలోలు.

మేనకోడలికి మాత్రం రోజుకు 2,154 గ్రాములు వచ్చింది. CO₂ ముందున్న 8 తీసుకుంది, బ్యూటేన్ ముందున్న 2 మరిచిపోయింది. తప్పని నాకు చూడగానే తెలిసింది. ఎలాగంటే, వట్టి కార్బన్‌ను కాల్చినా 12 గ్రాములకు 44 గ్రాములే వస్తుంది, అంటే 3.67 రెట్లు. హైడ్రోజన్ కలిసిన ఏ ఇంధనమూ అంతకు మించి ఇవ్వలేదు. మరోపక్క, హైడ్రోకార్బన్లలో కార్బన్ వాటా అతి తక్కువగా ఉన్న మీథేన్ 16 గ్రాములకు 44, అంటే 2.75 రెట్లు ఇస్తుంది. జవాబు ఈ రెండు గట్ల మధ్యే ఉండాలి. మనకు వచ్చింది 3.03. ఆమెకు వచ్చింది ఆరు దాటింది. "రెండు గ్రాములకు ఎనిమిది గ్రాములు" అని గుణకాలనే గ్రాములుగా లెక్కేసేవాళ్లకు నాలుగు రెట్లు వస్తుంది. వాళ్లూ ఇక్కడే దొరికిపోతారు.

మరి బండ నిండా బ్యూటేనే అనుకున్నాం కదా, అది తప్పయితే? పూర్తిగా ప్రొపేనే ఉన్నా 44 గ్రాములకు 132, సరిగ్గా మూడు రెట్లు. బండకు 42.6 కిలోలు. అరకిలో తేడా. పాళ్లు ఎలా ఉన్నా జవాబు పెద్దగా కదలదు.

పద్నాలుగు పోసి నలభై మూడు ఎలా తీశామన్నదానికి జవాబు వంటింటి కిటికీ దగ్గర ఉంది. ఆ 43 కిలోల్లో బండ నుంచి వచ్చిన కార్బన్ 12 కిలోల లోపే, మిగతా 31 కిలోలూ గాలి నుంచి వచ్చిన ఆక్సిజన్. ఆవిరికి పోయినదీ కలిపితే బండ మొత్తం మండటానికి దాదాపు 51 కిలోల ఆక్సిజన్ కావాలి. అంత ఆక్సిజన్ పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు ఆరేడింటి గాలిలో ఉంటుంది.

ఆ గాలి అందకపోతే మన సమీకరణం చెల్లదు. కార్బన్‌కు రెండు ఆక్సిజన్లు దొరక్క ఒక్కదానితోనే సరిపెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. ఒక్కటీ దొరకని కార్బన్ మసిగా గిన్నె అడుగుకు అంటుకుంటుంది. మసి కంటికి కనిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. గ్యాసు లీకయితే వచ్చే ఘాటు వాసన కావాలని కలిపినది, అది ఈ విషాన్ని పట్టివ్వదు. తలుపులు బిగించిన స్నానాల గదిలో గ్యాసు గీజరు మనుషుల్ని చంపేది ఇలాగే.

కాబట్టి 1,077 గ్రాములన్నది నీలి మంటకు మాత్రమే వర్తించే లెక్క. మీ పొయ్యి పసుపుపచ్చగా మండుతూ గిన్నెల అడుగులు నల్లబడుతుంటే ముందు కిటికీ తెరవండి. ఆ తర్వాత పొయ్యి ఆర్పి, చల్లారాక బర్నరు రంధ్రాలు శుభ్రం చేసుకోండి.