ఊతపదం తీసేశాక వినిపించే అతుకు

మాటల మధ్య దొర్లే ‘ఆఁ’, ‘అంటే’, ‘అదే’, ‘ఏంటంటే’ లాంటి ఊతపదాలను, పొడుగాటి విరామాలను రికార్డింగ్‌లోంచి తీసేయాలంటే ఒకప్పుడు ధ్వని తరంగపు గీతను చూస్తూ, చెవొగ్గి వింటూ ఒక్కొక్కటే కత్తిరించాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పని రాతప్రతి మీదే అయిపోతోంది. సాఫ్ట్‌వేర్ మాటలను అక్షరాల్లోకి దించి, ఏ మాట ఏ క్షణాన మొదలై ఏ క్షణాన ముగిసిందో గుర్తు పెట్టుకుంటుంది. తెర మీద మాటను చెరిపితే ఆ రెండు గుర్తుల మధ్య ఉన్న ధ్వని కూడా పోతుంది. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, అడోబ్ పరిశోధకులు కలిసి 2013లోనే ఇలాంటి పరికరాన్ని వివరించారు. తర్వాత డిస్క్రిప్ట్ దాన్ని పాడ్‌కాస్టర్లకు అలవాటు చేసింది. 2023లో ఈ సదుపాయం ప్రీమియర్ ప్రోలోకీ వచ్చింది.

రాతలో మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉంటుంది. నోట్లో ఉండదు. ఒక మాట పూర్తికాకముందే నాలుక, పెదవులు తర్వాతి మాటకు సిద్ధమవుతుంటాయి. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకు ఒక ఇంటర్వ్యూలో పెద్దాయన ఇలా అన్నాడనుకుందాం: “మా చెరువుకీ... ఆఁ... అంటే గండి పడింది ఆ తుపానుకే.” రాతప్రతిలో ‘ఆఁ’, ‘అంటే’ అనే రెండు మాటలను ఎంచి, వాటి చుట్టూ ఉన్న రెండు సెకన్ల నిశ్శబ్దంతో సహా చెరిపేస్తే చదవడానికి వాక్యం శుభ్రంగా ఉంటుంది. వింటే మాత్రం మూడు చోట్ల తేడా పట్టుబడుతుంది. మొదటిది, ‘అంటే’ ముగింపు గుర్తు కాస్త ఆలస్యంగా పడి ఉంటే ‘గ’ మొదలు తెగిపోయి ‘గండి’ కాస్తా ‘అండి’గా వినిపిస్తుంది. రెండోది, ఆలోచనలో పడి సాగదీసిన ‘చెరువుకీ’ గొంతు ఇంకా పైస్థాయిలోనే ఉండగా, ‘గండి’ కింది స్థాయిలో ఒక్కసారిగా వచ్చి పడుతుంది. మూడోది, ఆ రెండు సెకన్లలో బయట బస్సు దగ్గరకొస్తూ ఉంటే, దూరంగా ఉన్న దాని రొద కోత దగ్గర హఠాత్తుగా పక్కకొచ్చి నిలబడుతుంది. ఇవి కాక, తరంగం మధ్యలో తెగితే చిన్న ‘టిక్’మనే చప్పుడూ వస్తుంది.

వీటిలో అన్నిటికంటే తేలికగా పోయేది ఆ టిక్కే. కోత దగ్గర ఒక ముక్క తగ్గుతూ, మరో ముక్క పెరుగుతూ కలిసేలా పది, ఇరవై మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ ఇస్తే చాలు. ‘గ’ను కాపాడటానికి కోత గుర్తును కొన్ని పదుల మిల్లీసెకన్లు వెనక్కి జరపాలి. ఇది రాతప్రతిలో కుదరదు, తరంగం మీదే చేయాలి. నేపథ్య శబ్దం గెంతితే, అదే గదిలో ఎవరూ మాట్లాడనప్పుడు తీసిపెట్టుకున్న కొన్ని సెకన్ల రూమ్ టోన్‌ను కోత కింద పరచాలి. అందుకే ఇంటర్వ్యూకి ముందో తర్వాతో అర నిమిషం అందరూ మౌనంగా కూర్చుని గదిని రికార్డు చేసుకోవడం మంచి అలవాటు. బస్సు రొద పెద్దదైతే రూమ్ టోన్ కూడా దాన్ని పూర్తిగా దాచలేదు. గొంతు స్థాయిలో తేడాకు సులువైన మందు లేదు. రెండు మాటలనూ అతికించేయకుండా మధ్యలో మూడో వంతు సెకనో, అర సెకనో విరామం ఉంచితే చెవి ఆ మార్పును సహజంగానే తీసుకుంటుంది.

తెలుగులో మరో ఇబ్బంది ఉంది. తడబాటు చాలాసార్లు విడి మాటగా రాదు, ముందు మాట చివరి అచ్చులోనే సాగుతుంది. పైన ‘చెరువుకీ’ అలాంటిదే. రాతప్రతి దాన్ని ‘చెరువుకి’ అని మామూలుగా రాసేస్తుంది కాబట్టి ఊతపదాల వెతుకులాటలో అది దొరకదు. ‘వచ్చానంటే’లో ‘అంటే’ ముందు మాటతో సంధి కలిసిపోయింది, విడదీసి కోయడానికి లేదు. ‘చెరువంటే ఊరికి ప్రాణం’ అన్నప్పుడు ‘అంటే’ అసలు ఊతపదమే కాదు. అన్నిటినీ ఒకేసారి తొలగించే బటన్ నొక్కితే ఈ తేడాలేవీ నిలవవు. ఒక్కొక్కటీ విని తీయడమే సరైన పద్ధతి.

విరామాల సంగతీ అంతే. సెకను దాటిన ప్రతి విరామాన్నీ అర సెకనుకు కుదించమంటే మాట యంత్రంలా నడుస్తుంది, ఊపిరి తీసుకునే చప్పుడు సగంలో తెగుతుంది. ఊపిరిని పూర్తిగా ఉంచాలి, లేదా పూర్తిగా తీసేయాలి. పోయిన భార్య గురించి అడిగినప్పుడు ఆయన మూడు సెకన్లు ఆగితే అదీ జవాబే, దాన్ని తాకకూడదు.

అతుకును కళ్లు పట్టలేవు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, తెర వైపు చూడకుండా, కోతకు నాలుగైదు సెకన్ల ముందు నుంచి వినాలి. కోత ఎక్కడుందో చెవి చెప్పగలిగితే దాన్ని సరిచేయాలి. సరిచేసినా దాగకపోతే ఊతపదాన్ని తిరిగి పెట్టేయాలి. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో చెరిపినా అసలు రికార్డింగ్ చెక్కుచెదరదు కాబట్టి అందుకు రెండు క్లిక్కులు చాలు.