అమ్మకు తెలుగులోనే చెప్పండి!

అమ్మది కడప దగ్గర పల్లె. నా ఉద్యోగం బెంగళూరులో. రొమ్ములో గడ్డకు బయాప్సీ చేశాక, ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడాలి. ఆయనకు తెలుగు రాదు, అమ్మకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. ‘నువ్వున్నావుగా!’ అన్నారు బంధువులు. కొడుకు నోట ‘క్యాన్సర్’ కాస్తా ‘చిన్న గడ్డ’ అయిపోతుంది. కొన్ని బాధలు అమ్మ నా ముందు చెప్పదు కూడా.

అందుకే మూడు రోజుల ముందే హాస్పిటల్ హెల్ప్‌డెస్క్‌కి ఇంగ్లీష్‌లో మెసేజ్ పెట్టా. సారాంశం ఇదీ:

‘పేషెంట్ నంబర్, డాక్టర్ పేరు, అపాయింట్‌మెంట్ టైమ్ పైన ఇచ్చాను. మా అమ్మకు తెలుగు మాత్రమే వచ్చు, చదవలేరు. బయాప్సీ ఫలితం, ఆపరేషన్, ఆ తర్వాతి చికిత్స వివరించాలి. తెలుగు తెలిసిన నర్సు గానీ కౌన్సెలర్ గానీ కావాలి, వీలైతే మహిళ. మనిషి దొరక్కపోతే ఫోన్ స్పీకర్‌లోనైనా ఫర్వాలేదు. సంతకానికి ముందు అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించాలి. ఎవరొస్తారో రేపటిలోగా చెప్పగలరా?’

చిత్తూరు వైపు నర్సు ఒకామె వచ్చింది. డాక్టర్ రెండు వాక్యాలు చెప్పి ఆగితే, ఆమె తెలుగులో చెప్పేది. చివర్లో, ‘మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండమ్మా’ అంది.

‘గడ్డ తీసేస్తే ఇంక మందులుండవు కదా!’ అంది అమ్మ.

అంతసేపూ తలూపింది ఈ నమ్మకంతోనే! తీసిన గడ్డ రిపోర్టు వచ్చాకే కీమో, రేడియేషన్ సంగతి తేలుతుందని డాక్టర్ మళ్లీ మొదట్నుంచీ చెప్పారు. అప్పుడే అమ్మ వేలిముద్ర వేసింది.

రోగికి తెలిసిన భాషలో వివరించాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. కాబట్టి మొహమాటం వద్దు, ముందే అడగండి.