ఫ్యామిలీ గ్రూపులో కథ: ఒక ఎమోజీ, ఒక తగాదా

కుటుంబం వాట్సాప్ గ్రూపులోని మెసేజ్‌లతోనే మొత్తం కథ చెప్పడం ఇప్పుడు కథానికలో ఒక పద్ధతి. ఇందులో వర్ణన ఉండదు, "అని కోపంగా అన్నాడు" వంటి మాట ఉండదు. ఎవరు, ఎన్ని గంటలకు, ఏమని పంపారో మాత్రమే పాఠకుడికి కనిపిస్తుంది. ఉత్తరాలతోనే కథ నడపడం పాత పద్ధతే. 1740లో ఇంగ్లండులో శామ్యూల్ రిచర్డ్‌సన్ రాసిన ‘పమేలా’ నవల అలా ఉత్తరాలతో సాగుతుంది. అయితే ఉత్తరం ఒకరి కోసం రాసేది. గ్రూపు మెసేజ్‌ను ఇంటిల్లిపాదీ చూస్తారు. ఇద్దరి మధ్య పుట్టిన అపార్థం పదిమంది ముందు పెరగడమే ఈ రూపానికి బలం. పెదనాన్న, చిన్నాన్న పిల్లల మధ్య ఒక ఎమోజీ తెచ్చిన తగాదాను తీసుకుంటే ఈ కథ ఎలా అల్లుకుంటుందో తెలుస్తుంది.

మొదట తేల్చుకోవలసింది ఆ గ్రూపును పాఠకుడు ఎవరి ఫోనులో చూస్తున్నాడన్నది. ఫోనులో పేర్లు దాని యజమాని దాచుకున్నట్టే కనిపిస్తాయి. ఒకే మనిషి ఒక ఫోనులో "రమేశ్ అన్నయ్య", ఇంకో ఫోనులో "రమేశ్ బావ". యజమాని పంపినవాటికి పేరే ఉండదు, అవి కుడివైపు వస్తాయి. టైము కూడా అతనున్న ఊరి టైమే. అంటే కథకుడు లేనట్టు కనిపించే ఈ కథలో ఫోను యజమానే కథకుడు. ఈ సంగతి ముందే తేల్చుకోని కథలో అందరి పేర్లూ నాటకంలో పాత్రల్లా పొడిగా వస్తాయి, వరసలు తెలియవు.

ఇక్కడి కథలో ఫోను హైదరాబాదులో ఉన్న కిరణ్‌ది. తెనాలిలో నాన్నమ్మను చూసుకుంటున్న రమేశ్ అతని పెద్ద మేనమామ కొడుకు. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న శ్రావణి చిన్న మేనమామ కూతురు. రమేశ్, శ్రావణి అన్నాచెల్లెళ్ల వరస. ఈ వరస కథకు అవసరం. శ్రావణి మరదలి వరస అయితే ఆమె పెట్టిన బొమ్మను రమేశ్ వేళాకోళంగా తీసుకుని మరో వేళాకోళంతో బదులిచ్చేవాడు. చెల్లెలు గనుక ఆమె నుంచి బాధ్యతను ఆశిస్తాడు, అది కనిపించకపోతే నొచ్చుకుంటాడు.

తరవాత ఎమోజీ ఎంపిక. 1999లో జపాన్‌లో డొకోమో మొబైల్ సంస్థ కోసం షిగెతకా కురిత 176 చిన్న బొమ్మల సమితిని రూపొందించాడు. 2010లో యూనికోడ్ ఎమోజీలను తన ప్రమాణంలో పెద్ద సంఖ్యలో చేర్చుకున్నాక అవి ప్రపంచంలోని ఫోన్లన్నిటికీ చేరాయి. బొమ్మలు చేరినంత సులువుగా వాటి వెనకున్న అలవాట్లు చేరలేదు. 😪 అనే ముఖం దానికి మంచి ఉదాహరణ. యూనికోడ్ ప్రకారం అది నిద్రమొహం. జపాన్ బొమ్మల కథల్లో గాఢనిద్రలో ఉన్నవాడి ముక్కు దగ్గర ఒక బుడగ గీస్తారు, ఆ నీలం చుక్క అదే. ఆ సంప్రదాయం తెలియని కళ్లకు అది కన్నీటి చుక్క. ఏడుస్తున్నామని చెప్పడానికి దాన్ని పంపేవాళ్లు ఎందరో ఉన్నారు. ఇద్దరు మంచి మనుషులు ఒకే బొమ్మలో రెండు వేరు అర్థాలు చదవగలిగితేనే ఈ కథ నిలుస్తుంది. ఒకరు తెలివితక్కువవారైతే తప్ప అపార్థం పుట్టదనిపిస్తే అది హాస్యకథ అవుతుంది.

బొమ్మ ఒక్కో ఫోనులో ఒక్కోలా కనబడి గొడవైందని రాయడం తేలిక దారి. వాట్సాప్ కథకు అది సరిపడదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ తన సొంత బొమ్మలనే చూపుతుంది, అవి ఐఫోన్ బొమ్మలకు చాలా దగ్గరగా ఉంటాయి. పైగా ఆ కారణం అవసరమే లేదు. 2016లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు అచ్చంగా ఒకే బొమ్మను చూపినా, అది మంచి భావమా, చెడ్డదా, మామూలుదా అన్న దగ్గర దాదాపు నాలుగింట ఒక వంతు సందర్భాల్లో చూసినవాళ్ల మధ్య ఏకాభిప్రాయం లేదని గమనించారు.

గ్రూపు పేరు "తెనాలి ఇల్లు". వేసవి. నాన్నమ్మ పెరట్లో జారిపడింది. కథ ఇలా మొదలవుతుంది.

రమేశ్ బావ, మధ్యాహ్నం 12:28: నాన్నమ్మకి ఆపరేషన్ అయింది. తుంటికి ప్లేటు వేశారు. రాత్రంతా నేనూ అమ్మా బయట బెంచీ మీదే. ఇప్పుడే రూముకి తెచ్చారు. మత్తులో తాతయ్యని పిలుస్తోంది.

శ్రావణి, 12:31: 😪

రమేశ్ బావ, 12:40: మీకు నిద్ర టైం కదా. పడుకోండి.

శ్రావణి, 12:41: అవును అన్నయ్యా, రెండు దాటింది. పొద్దున మీటింగ్ ఉంది. లేవగానే ఫోన్ చేస్తా.

రమేశ్ బావ, 12:43: తొందరేం లేదు.

ఈ అయిదు మెసేజ్‌లలో మూడు పనులు జరిగాయి. మొదటిది, తప్పుగా చదవడానికి తగిన పరిస్థితి. వేసవిలో డాలస్ టైము మనకన్నా పదిన్నర గంటలు వెనక. మన 12:31 అక్కడ రాత్రి 2:01. అర్ధరాత్రి దాటాక వచ్చిన నిద్రమొహాన్ని నిద్ర అనుకోవడం సహజం. రెండోది, కోపం బయటపడిన తీరు. చెల్లెలిని ఎప్పుడూ "నువ్వు" అనే అన్న "మీకు", "పడుకోండి" అన్నాడు. తెలుగు పాఠకుడికి ఇంతకు మించిన వివరణ అక్కర్లేదు. మధ్యలోని తొమ్మిది నిమిషాలు కూడా మాట్లాడతాయి. అతను వెంటనే బదులివ్వలేదు, ఆ బొమ్మను చూస్తూ కూర్చున్నాడు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. శ్రావణి ఆ మాటను మంచిగానే తీసుకుంది. తనతోపాటు అక్కడి బంధువులందరినీ కలిపి "మీరు" అన్నాడనుకుంది, నిజాయితీగా "అవును" అంది. ఆ "అవును" రమేశ్ అనుమానానికి రుజువైపోయింది. అపార్థం కథ నడవాలంటే రెండోవారి జవాబు దాన్ని సరిదిద్దకుండా గట్టిపరచాలి, ఆ జవాబులో మాత్రం ఏ దోషమూ ఉండకూడదు. ఈ మెట్టు లేని కథలో పాఠకుడు "ఒక్క మాట అడిగితే పోయేదిగా" అని విసుక్కుంటాడు.

తరవాత మూడో మనిషి. ఫోను యజమాని కిరణ్ వాతావరణం తేలికపరచాలని 12:50కి "నిద్రమొహం పెట్టాక ఇంకేం మాట్లాడుతుందిలే బావా 😂" అని పంపుతాడు. అంతవరకు రమేశ్ మనసులోనే ఉన్న అర్థం దీంతో గ్రూపులో అందరిదీ అయింది. రమేశ్ 12:52కి "మేం మేలుకునే ఉంటాం. ఎవరో ఒకరు ఉండాలిగా" అంటాడు. శ్రావణి నిద్రపోయింది. ఆ మాట దాదాపు ఆరు గంటలపాటు జవాబు లేకుండా అలాగే ఉంటుంది. మాట్లాడుకునే చోట ఇలాంటి విరామం రాదు, ఫోను కథలో వస్తుంది.

శ్రావణి, సాయంత్రం 6:34: ఎవరో ఒకరు అంటే? నెలనెలా డబ్బు పంపేది ఎవరన్నయ్యా?

రమేశ్ బావ, 6:36: డబ్బు నాన్నమ్మని బాత్రూముకి తీసుకెళ్తుందా?

శ్రావణి, 6:39: (ఈ మెసేజ్‌ను తొలగించారు)

శ్రావణి గ్రూపు నుంచి వైదొలిగారు

ఇక్కడ ఎమోజీ ప్రస్తావనే లేదు. నాన్నమ్మ దగ్గర ఉండేవాడికీ, దూరం నుంచి డబ్బు పంపేవారికీ మధ్య ఏళ్లుగా ఉన్న లెక్క పైకి వచ్చింది. కథ గట్టిదా కాదా చూడడానికి ఒక పరీక్ష ఉంది. ఎమోజీని తీసేస్తే తగాదాకు కారణమే మిగలకపోతే కథ పలచన. అది లేకపోయినా అదే రోజు గొడవ అయ్యేదే అనిపిస్తే ఎమోజీ అలంకారం. పాత నొప్పి ఉండాలి, అది ఇన్నాళ్లూ మాటల్లోకి రాకుండా ఉండాలి, ఈ బొమ్మ వల్లనే బయటికి రావాలి.

తొలగించిన మెసేజ్‌ను ఒక్కసారి వాడితే బలం. శ్రావణి ఏమని రాసి తీసేసిందో పాఠకుడే ఊహించుకుంటాడు. వాట్సాప్ నడక తెలియకపోతే ఇలాంటి చోటే కథ తడబడుతుంది. 2022 నుంచి ఎవరైనా గ్రూపు వదిలితే ఆ సంగతి చాట్‌లో అడ్మిన్లకే కనిపిస్తుంది. "వైదొలిగారు" అన్న వరుస కథలో కనబడాలంటే కిరణ్ అడ్మిన్ అయి ఉండాలి. 2023లో వచ్చిన సవరణ సదుపాయం పంపిన 15 నిమిషాల వరకే పనిచేస్తుంది. మరునాడు తన మాట మార్చుకున్న పాత్రను ఆ యాప్ తెలిసినవాళ్లు నమ్మరు.

సాధారణంగా దొర్లే మరో తప్పు, పాత్రలు ఒకరికొకరు తెలిసిన సంగతులు చెప్పుకోవడం. "మన నాన్నమ్మకి ఎనభై రెండేళ్లు కదా" అని ఏ మనవడూ గ్రూపులో రాయడు. పాఠకుడికి వయసు చెప్పాలంటే పుట్టినరోజు ఫొటో ఒకటి పైన ఉంటే చాలు. గొంతులు కూడా వేరుగా వినిపించాలి. రమేశ్ వాక్యాలకు చుక్క పెడతాడు, కిరణ్ నవ్వు బొమ్మ లేకుండా మాట్లాడలేడు. నిజానికి చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. అచ్చులో అది చదవడం కష్టం కనుక తెలుగు లిపిలోనే వేసి, వ్యావహారికపు నడకను మాత్రం నిలుపుకోవడం మేలు.

ముగింపు దగ్గర పెద్ద ప్రలోభం ఎవరో వచ్చి ఎమోజీ అర్థం చెప్పడం. దానివల్ల సమాచారం తీరుతుంది, తగాదా తీరదు. ఈ కథలో రాత్రి 9:10కి రమేశ్ "కిరణ్, మావాడు ఆ బొమ్మ ఏడుపంటున్నాడు. నిజమా?" అని అడుగుతాడు. కిరణ్ "ఏడుస్తూనే పెట్టింది బావా" అంటాడు. ప్రమాణం ప్రకారం రమేశ్ చదివిందే సరి, మనిషి ప్రకారం పిల్లవాడు చెప్పింది సరి. కిరణ్ శ్రావణిని మళ్లీ గ్రూపులో చేరుస్తాడు. బయట ఉన్నప్పుడు వచ్చిన మెసేజ్‌లు తిరిగి చేరినవారికి మామూలుగా కనిపించవు. రమేశ్ అడిగిన ప్రశ్న ఆమెకు తెలియదు. అందుకే అతను తన మాట కొత్తగా చెప్పవలసి వస్తుంది.

రమేశ్ బావ, 9:21: నాన్నమ్మ లేచింది. నిన్నే అడుగుతోంది. వీడియో కాల్ చెయ్యి.

క్షమించమన్న మాట లేదు. "నిన్నే", "చెయ్యి" అన్నాడు, "మీరు" పోయింది. డబ్బు లెక్క తీరలేదు, ఒక్క రోజులో తీరదు కూడా. అపార్థం తొలగింది, అసలు సమస్య ఇద్దరి ఎదుటా మిగిలింది. ఈ తరహా కథ అక్కడే ఆగాలి, అంతకు మించి కలిపితే గ్రూపులో ఎవరూ పంపని మెసేజ్ అవుతుంది.