గ్రెయిన్ తీసేస్తే ముఖం మైనమైంది!

పాత సినిమా పెట్టగానే తెర మీద సన్నని ఇసుక కదులుతున్నట్టు ఉంటుంది కదా? దాన్ని గ్రెయిన్ అంటారు. 'క్వాలిటీ బాలేదు' అనుకుంటాం గానీ, అది బొమ్మ మీద పడ్డ దుమ్ము కాదు. బొమ్మ తయారైందే దాంతో. ఫిల్మ్ మీది పూతలో వెండి లవణాల రేణువులుంటాయి. వెలుగు తగిలిన రేణువులే డెవలప్ చేశాక బొమ్మవుతాయి. ప్రతి ఫ్రేమ్‌లో వాటి అమరిక వేరు. అందుకే ఆ కదలిక.

మరి తీసేస్తే ఏమవుతుంది? 1987లో వచ్చిన 'ప్రిడేటర్' చూడండి. అడవిలో తీసిన సినిమా, గ్రెయిన్ బాగా ఎక్కువ. 2010లో వచ్చిన బ్లూరే డిస్క్‌లో దాన్ని దాదాపు తుడిచేశారు. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ముఖం మైనపు బొమ్మలా తయారైందని అభిమానులు గోల పెట్టారు. 2018 నాటి 4కే డిస్క్‌లో గ్రెయిన్ మళ్లీ కనిపించింది.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే... వరుసగా నాలుగు ఫ్రేముల సగటు తీస్తే గ్రెయిన్ సగానికి తగ్గుతుంది, కదలని గోడ మాత్రం అలాగే ఉంటుంది. కానీ నటుడు తల తిప్పితే ఫ్రేములు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. అప్పుడు సాఫ్ట్‌వేర్ ఒకే ఫ్రేమ్‌లోని పక్క పక్క పిక్సెళ్లను కలిపి నున్నగా చేస్తుంది. చర్మం మీది గరుకు, చొక్కా నేత కూడా గ్రెయిన్ అంత సన్నవే. దాంతో అవీ పోతాయి.

ఎక్కువ తుడిచారో లేదో తెలుసుకోవడం తేలికే. అసలు ఫ్రేమ్‌లోంచి శుభ్రం చేసిన ఫ్రేమ్‌ను తీసివేసి, మిగిలింది చూడాలి. ఉత్త ఇసుకలా ఉంటే పోయింది గ్రెయినే. వెలుగునీడల్ని బట్టి అది కాస్త ఎక్కువ తక్కువగా ఉన్నా పర్లేదు. అందులో కనుబొమ్మలో, ముక్కు గీతో కనిపించాయంటే ముఖాన్నే చెరిపేసినట్టు!

అలాగని ఎప్పుడూ ముట్టుకోకూడదని కాదు. గీతలు, దుమ్ము మచ్చలు గ్రెయిన్ కావు, వాటిని తీసేయొచ్చు. ఒరిజినల్ నెగటివ్ దొరికితే గ్రెయిన్ జోలికి పోకపోవడమే మంచిది. నెగటివ్ పోయి కాపీకి కాపీ మాత్రమే మిగిలితే, ప్రతి కాపీలోనూ కొత్త గ్రెయిన్ చేరి ఉంటుంది. ఒక సీన్ ఇంకో సీన్‌లో కరిగిపోయే డిజాల్వ్ షాట్లనూ అప్పట్లో మళ్లీ కాపీ తీసే చేసేవారు. అందుకే అవి పక్క షాట్లకన్నా గరుగ్గా ఉంటాయి. అలాంటి చోట పక్క షాట్ల స్థాయికి తగ్గిస్తే చాలు, సున్నా చేయక్కర్లేదు.

ఇక మన ఫోన్ సంగతి. గ్రెయిన్ ప్రతి ఫ్రేమ్‌లో మారిపోతుంది కాబట్టి దాన్ని కుదించడం కష్టం, డేటా ఎక్కువ తింటుంది. డేటా తగ్గిస్తే గ్రెయిన్ గడులు గడులుగా చెదిరిపోతుంది. ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌లో దీనికో ఉపాయముంది. పంపేముందు గ్రెయిన్ తీసేసి, అది ఎలా ఉండేదో కొన్ని అంకెల్లో రాసి పంపుతారు. వాటిని చూసి ఫోన్ అలాంటి గ్రెయిన్‌నే కొత్తగా తయారుచేసి తెర మీద చల్లుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ అది అసలుది కాదు. కాబట్టి ఈ పద్ధతి మనకు పంపే కాపీ వరకే. దాచిపెట్టే మాస్టర్‌లో అసలు గ్రెయిన్ ఉండాల్సిందే.