గుఱ్ఱమా, గుర్రమా: ఒక గడి చుట్టూ అల్లిన కథ

వారపత్రికలోని పదబంధ ప్రహేళిక ముందు కూర్చున్న అమ్మమ్మకూ మనవడికీ ఒకే ఒక్క జవాబు స్పెల్లింగు మీద వాదన వస్తుంది. ఇంత చిన్న విషయం మీద కథ రాయవచ్చు. అయితే ఆ కథ నిలబడాలంటే అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఆ జవాబు ఏ మాట అన్నది. పాత్రల స్వభావం, ఇంటి వాతావరణం, సంభాషణ అన్నీ దాని తర్వాతే. మాట సరిగ్గా కుదిరితే వాదన తనంతట తానే నడుస్తుంది. కుదరకపోతే ఎంత ముచ్చటగా రాసినా రెండో పేజీకే కథ అయిపోతుంది.

ఉదాహరణకు మనవడు 'అర్థం' అని రాయవలసిన చోట 'అర్ధం' అని రాశాడనుకుందాం. అడిగింది భావం గురించి, అతను రాసింది సగం. అమ్మమ్మ దిద్దుతుంది, అతను ఒప్పుకుంటాడు, అక్కడితో సరి. ఒకరిది ఒప్పు, ఒకరిది తప్పు అయినప్పుడు అది పాఠం అవుతుంది కానీ వాదన కాదు. ఇద్దరి రాతా ఒప్పే అయి ఉండాలి, ఎవరి వెనక వారికి బలమైన ఆధారం ఉండాలి, గడిలో మాత్రం ఒక్కదానికే చోటుండాలి. తెలుగులో అలాంటి మాటలకు కరువు లేదు. వాటిలో 'గుఱ్ఱము' చాలా అనువైనది.

ఎందుకో తెలియాలంటే తెలుగు గడి లెక్క చూడాలి. 1913 డిసెంబరులో ఆర్థర్ విన్ న్యూయార్క్ పత్రికలో అచ్చు వేయించిన మొదటి పజిల్ నుంచి ఇంగ్లీషు గళ్ళలో గడికి ఒక్క అక్షరమే. తెలుగులో గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసి ఒకే గడిలో ఒదుగుతాయి. అందువల్ల 'గుర్రం' రెండు గళ్ళ మాట: గు, ర్రం. 'గుర్రము' అంటే మూడు గళ్ళు: గు, ర్ర, ము. 'గుఱ్ఱము' అని రాసినా మూడే. అంటే ఈ ఒక్క మాటలో రెండు తగాదాలున్నాయి. ఒకటి చివరి అక్షరం గురించి, రెండోది నడిమి అక్షరం గురించి. మొదటిదాన్ని గళ్ళే తేల్చేస్తాయి. రెండోదాన్ని తేల్చలేవు. కథకు కావలసిన బిగువు ఈ తేడాలోనే ఉంది.

కథలోకి వచ్చే గడిని ముందుగా కాగితం మీద నిజంగా గీసుకోవాలి. అడ్డం ఆధారం: 'చదరంగంలో మిగతా పావుల మీదుగా దూకేది (3)'. ఈ మూడు గళ్ళ మీదుగా మూడు నిలువు మాటలు పోతాయి. మొదటి గడి నుంచి కిందికి 'గుడి'. మధ్య గడికి పైన ఒక గడి ఉంది, అక్కడి నుంచి దిగే మాట 'కర్ర'. మూడో గడి నుంచి కిందికి 'ముగ్గు'. ఇంత చిన్న అల్లిక చాలు.

మనవడికి చదరంగం తెలుసు, కాబట్టి జవాబు ముందు తట్టేది అతనికే. పెన్సిలుతో గు, ర్రం అని రాసి ఆగిపోతాడు. ఒక గడి ఖాళీగా మిగిలింది. కూర్చినవాళ్ళే లెక్క తప్పారంటాడు. అమ్మమ్మ ముగ్గు మాట చూపిస్తుంది. సంక్రాంతికి వాకిట్లో వేసేది ఇంకేముంటుంది? కాబట్టి చివర ము ఉండి తీరాలి. ఇక్కడ మనవడు తేలిగ్గానే తగ్గుతాడు. తగ్గడంతో పాటు ఒక నమ్మకం కూడా పెంచుకుంటాడు: ఏ తగువునైనా అడ్డం, నిలువు కలిసే చోట తేల్చేయవచ్చని. ఈ నమ్మకాన్ని పాఠకుడికి కూడా కలిగించాలి. తర్వాత అది వమ్ము కావాలి.

అమ్మమ్మ రబ్బరుతో ర్రం చెరిపి ఱ్ఱ అని రాయగానే అసలు కథ మొదలవుతుంది.

"ఇదేంటి అమ్మమ్మా? ఈ అక్షరం మా చార్టులో చిట్టచివర ఉంటుంది. దాన్నెవరూ రాయరు."

"ఎవరూ రాయకపోతే చార్టులో ఎందుకు పెట్టార్రా? బండి ర అంటారు దాన్ని. గుఱ్ఱానికి బండి ర ఉండాల్సిందే."

అమ్మమ్మ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. ర, ఱ ఒకప్పుడు వేరువేరు ధ్వనులు. పాత శాసనాల్లో, కావ్యాల్లో ఈ తేడా కనిపిస్తుంది. మామూలు ర ను సాధురేఫ అనీ, ఱ ను శకటరేఫ అనీ వ్యాకరణవేత్తలు పిలిచారు. శకటమంటే బండే, అందుకే ఇళ్ళలో అది బండి ర అయింది. తమిళ, మలయాళాల్లో ఇప్పటికీ రెండు అక్షరాలూ వాడుకలో ఉన్నాయి. తెలుగులో పలుకుబడి కలిసిపోయినా రాతలో తేడా చాలాకాలం నిలిచింది. చెట్టు వేరుకు మామూలు ర, విడిగా అనే అర్థంలో 'వేఱు'కు బండి ర. అలా అర్థాలను విడదీసే పని కూడా అది చేసింది. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వచ్చింది. అందులో ఈ జంతువు పేరు గుఱ్ఱము అనే ఉంటుంది. ఆ నిఘంటువు ఇంట్లో ఉన్నట్టయితే అమ్మమ్మ దాన్ని తీసి చూపిస్తుంది.

మనవడిదీ తక్కువ బలం కాదు. వాడుక భాషా ఉద్యమం తర్వాత పత్రికలు, పాఠ్యపుస్తకాలు నోటి పలుకుకు దగ్గరగా జరిగాయి. వినపడని తేడాను రాతలో మోయడం క్రమంగా మానేశారు. చెఱువు చెరువైంది, మఱి మరి అయింది. అతని తెలుగు వాచకంలో, ఇంటికొచ్చే దినపత్రికలో, దుకాణాల బోర్డుల మీద 'గుర్రం' తప్ప మరొకటి లేదు. నిఘంటువులో చూపించినా అతను దీటుగా జవాబు చెప్పగలడు: "అది నూరేళ్ళ కిందటి పుస్తకం. ఈ గడి మొన్న శుక్రవారం అచ్చయింది."

ఇక మనవడు తన నమ్మకం కొద్దీ మధ్య గడి మీదుగా పోయే నిలువు మాటను పట్టుకుంటాడు. అది తేల్చేస్తుందని అతని ఆశ. ఆధారం 'ముసలివారి చేతిలో ఊతం'. జవాబు కర్ర. కానీ పాత రాతలో అది కూడా కఱ్ఱే. అమ్మమ్మ రాతలో గుఱ్ఱము, కఱ్ఱ రెండూ ఇముడుతాయి. మనవడి రాతలో గుర్రము, కర్ర కూడా అంతే చక్కగా ఇముడుతాయి. సాక్షి ఇద్దరి వైపూ మాట్లాడుతోంది.

ఇక్కడ రచయిత పొరపడే అవకాశం ఎక్కువ. గుర్రము బదులు చెరువును ఎంచుకుని, దాని రు మీద 'రుచి' అనే నిలువు మాటను నడిపితే వాదన అప్పుడే చచ్చిపోతుంది. రుచి సంస్కృత పదం, సంస్కృతంలో ఱ లేనే లేదు. కాబట్టి ఆ గడిలో రు తప్ప మరొకటి పట్టదు, మనవడు గెలిచినట్టే. అచ్చతెలుగు మాట మీద బండి ర ఉన్న మరో అచ్చతెలుగు మాటే దాటాలి. అప్పుడే గడి నోరు మెదపదు. ద్విత్వం ఉన్న ర్ర మరీ మంచిది, ఎందుకంటే అది సంస్కృతంలో రాదు. బుర్ర, తొర్ర, ఎర్ర లాంటి తెలుగు మాటలే ఆ గడి మీదుగా దిగుతాయి.

మరి కథ ఎలా తేలాలి? వాదన ఊరికే సాగిపోకుండా ఒక గడువు కావాలి. ఇది బహుమతి పోటీ అయితే నింపిన కూపన్ ఫలానా రోజుకు పత్రిక కార్యాలయానికి చేరాలి. ఇంట్లో పత్రిక ఒక్కటే, కూపన్ ఒక్కటే, జిరాక్స్ ప్రతులు తీసుకోరు. ఎవరి జవాబు వారు రాసి పంపుకునే వీలు లేదు. ప్రేమకొద్దీ ఆమె అతని కోసం ర్ర అనీ, అతను ఆమె కోసం ఱ్ఱ అనీ రాసే ముగింపు చాలామందికి తోస్తుంది. దాన్ని వదిలేయడం మంచిది. అప్పటిదాకా ఇద్దరూ ఆధారాలు చూపుకుంటూ వాదించారు. చివర్లో ఆధారాలను పక్కన పెట్టేస్తే అంతవరకూ నడిచిన వాదన ఉత్తిదే అవుతుంది.

గళ్ళు నింపడంలో ఆరితేరినవాళ్ళు ఇలాంటి చోట చేసే పని ఒకటుంది. ఆ పత్రిక ఎలా రాస్తుందో చూస్తారు. అమ్మమ్మ చేత కూడా అదే చేయించవచ్చు. పత్రిక మొత్తం తిరగేసి బండి ర ఎక్కడైనా ఉందేమో వెతకమని ఆమే మనవడికి పురమాయిస్తుంది. అతను సీరియల్, వంటల పేజీ, రాశిఫలాలు, ప్రకటనలు వరసగా చూస్తాడు. ఎర్రగా వేయించాలి, మరిగించాలి, వేరుగా ఉంచాలి. అన్నిచోట్లా మామూలు ర. తనకు అనుకూలమైన సాక్ష్యాన్ని తానే పోగు చేస్తున్నా, ఆ అక్షరం ఒక్కచోటైనా దొరకాలని అతనికి సగం పేజీల తర్వాత అనిపించడం మొదలవుతుంది. ఆ మార్పును రచయిత నోటితో చెప్పనక్కర్లేదు. ప్రకటనలు అయిపోయాక అతను పాత సంచికలు కూడా దించాడని రాస్తే చాలు.

దొరకలేదని చెప్పాక అమ్మమ్మ పెన్సిలు తీసుకుంటుంది. "కూపన్లో వాళ్ళ ర రాద్దాం. వాళ్ళ పత్రిక, వాళ్ళ ఇష్టం. నా పద్దుల పుస్తకంలో మాత్రం నా గుఱ్ఱం నాదే." తర్వాతి వారం అచ్చైన జవాబు 'గుర్రము'. మొదట మనవడు రాసిన గుర్రమూ కాదు, అమ్మమ్మ రాసిన గుఱ్ఱమూ కాదు. చివరి అక్షరం ఆమెది, నడిమి అక్షరం అతనిది. ఇప్పటి గళ్ళలో ఇలాంటి కలగలుపు రాత మామూలే. మూడు గళ్ళు నింపడానికి 'ము' అవసరమవుతుంది, అచ్చులో 'ఱ' వాడరు. అంటే ఈ ముగింపును కల్పించనక్కర్లేదు, గడి అలవాట్లలోంచే అది వస్తుంది.

కథాకాలం ఇప్పటిదైతే ఒక చిక్కును చూసుకోవాలి. ఫోన్లో నింపే గడి అయితే ఈ వాదన సాగదు. యూనికోడ్‌లో ర, ఱ వేరువేరు సంకేతాలు కాబట్టి యంత్రం ఒకదాన్ని వెంటనే తప్పని చూపిస్తుంది. జవాబు కోసం వారం రోజులు ఆగవలసిన అచ్చు పత్రికే దీనికి సరైన చోటు.

కథ పూర్తయి పత్రికకు వెళ్ళాక ఇంకో ప్రమాదం ఉంది. అక్షరదోషాలు దిద్దేవారు అలవాటు కొద్దీ ప్రతి ఱ ను ర గా మార్చేస్తారు. అప్పుడు అమ్మమ్మా మనవడూ ఒకే మాటను పట్టుకుని ఎందుకు పోట్లాడుకుంటున్నారో పాఠకుడికి అర్థం కాదు. అందుకే ఏ సంభాషణలో ఏ ర ఉండాలో రాతప్రతి మార్జిన్‌లో గుర్తు పెట్టి, అచ్చుకు ముందు ప్రూఫు తెప్పించుకుని మరోసారి చూసుకోవాలి.